ఆరు ఖాళీలు, 729 దారులు

సున్నిపెంటలో బ్యాంకు పరీక్షకు చదువుకుంటున్న కుర్రాడొకడు ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. నేనిచ్చిన పేజీని ముందే ఫొటో తీసుకుని, ఆ ఫొటో మీదే ఖాళీలు నింపాడు. ఆరింట్లో మూడు తప్పు. ఆ పరీక్షల్లో క్లోజ్ టెస్ట్ ఇంగ్లిష్‌లో వస్తుంది. పద్ధతి పట్టుబడాలని నేను శ్రీశైలం నీటి మీద తెలుగులో ఒకటి రాసిచ్చాను. ఇందులో 885 అడుగుల పూర్తి మట్టం నిజమైన లెక్క. మిగతావి అభ్యాసం కోసం వేసుకున్నవి.

> శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నిన్న సాయంత్రానికి మట్టం 877 అడుగులకు ……(1). మూడు రోజులుగా ఎగువ నుంచి రోజుకు 10 టీఎంసీల వరద, అంటే సుమారు ……(2) క్యూసెక్కులు వస్తోంది. గేట్లు ……(3). విద్యుదుత్పత్తి ద్వారా దిగువకు వెళ్లేది రోజుకు 3 టీఎంసీలే, వేరే దారిన నీరు పోవడం లేదు. ఇంకా 42 టీఎంసీలకు చోటుంది. వరద ఇలాగే ……(4) జలాశయం ……(5) రోజుల్లో నిండుతుంది. అప్పుడు గేట్లు ……(6).

ఎంపికలు ఇవి: (1) పెరిగింది, పడిపోయింది, తగ్గింది. (2) 11,500, 1,15,000, 11,50,000. (3) ఎత్తారు, ఎత్తలేదు, దించలేదు. (4) సాగితే, తగ్గితే, ఆగితే. (5) 4, 6, 14. (6) ఎత్తక తప్పదు, దించక తప్పదు, ఎత్తనక్కర్లేదు.

ఖాళీకి మూడు చొప్పున ఆరు ఖాళీలకు మొత్తం 729 రకాలుగా నింపొచ్చు. ఒక్కో ఖాళీలో పదికి ఎనిమిదిసార్లు సరిగా పెట్టేవాడు కూడా ఆరూ కలిపి సరిగా పెట్టేది నూటికి 26 సార్లే. పైగా ఒక ఖాళీలో తప్పు పడితే, దానికి సరిపోయే తప్పునే పక్క ఖాళీలో వెతుక్కుంటాం. ఈ కుర్రాడికి జరిగిందదే.

వరద అన్న మాట చూడగానే డ్యాం పక్కనే పెరిగిన వాడికి తెరిచిన గేట్లే కళ్లముందు కదులుతాయి. 2009 అక్టోబరులో ఇదే జలాశయం 885 దాటి 896 అడుగులకు చేరిన రోజు అక్కడెవరూ మరిచిపోలేదు. అందుకే (3)లో ‘దించలేదు’ పెట్టాడు, అంటే గేట్లు తెరిచే ఉన్నాయని. ఎత్తి ఉన్న గేట్లను మళ్లీ ఎత్తలేం కాబట్టి (6)లో ‘దించక తప్పదు’ అన్నాడు. రెండూ ఒకదానికొకటి చక్కగా అతికాయి. జంట కుదిరితే పేజీ అంతా కుదిరినట్టే అనుకోవడం ఇక్కడి అసలు మోసం. నాలుగో వాక్యం తర్వాత ‘వేరే దారిన నీరు పోవడం లేదు’ అని ఉంది. ఆ ఒక్క మాట గేట్లు మూసే ఉన్నాయని చెబుతోంది. ఊరి జ్ఞాపకం పేజీకి ముందు పరిగెత్తింది, అంతే.

మూడో తప్పు (5)లో. నేను మొదట 10తో భాగించి 4 పెట్టాడనుకున్నాను. కాదు, ఏమీ పెట్టలేదు! ఫొటో మళ్లీ చూశాక అర్థమైంది. పేజీని పక్కనుంచి తీయడంతో చుక్కల గీత వెలుగులో పోయింది, బ్రాకెట్లు పలచబడ్డాయి. ‘(5) రోజుల్లో’ కాస్తా ‘5 రోజుల్లో’ అయింది. ఖాళీ సంఖ్య ఒక లెక్కగా మారిపోయింది. ఫొటోలో పేజీ చదివేటప్పుడు ముందు 1 నుంచి వరుసగా ఖాళీల్ని లెక్కపెట్టి, కింద ఎంపికల వరుసలు కూడా అన్నే ఉన్నాయో లేదో చూడాలి. పైన ఐదు, కింద ఆరు తేలితే ఎక్కడో ఒక ఖాళీ వాక్యంలో కలిసిపోయిందన్నమాట.

అప్పుడు నేను అంకెల దగ్గర మొదలుపెట్టమన్నాను. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, రోజుకు 86,400 సెకన్లు. భాగిస్తే సుమారు 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. పదింటికి దాదాపు 1,15,000, కాబట్టి (2) తేలింది. గేట్లు మూసి ఉన్నాయి కనుక (3)లో ‘ఎత్తలేదు’. రోజుకు వచ్చేది 10, పోయేది 3, మిగిలేది 7. చోటు 42 కాబట్టి (5)కి 6 రోజులు. పోయే నీటిని మరిచిపోతే 4 వస్తుంది, వచ్చేదాన్ని వదిలి పోయేదానితో భాగిస్తే 14. తప్పు ఎంపికలు అలా పుట్టినవే. వరద తగ్గితే 6 కుదరదు, ఆగిపోతే జలాశయం నిండదు. అందుకే (4)లో ‘సాగితే’. నిండిన జలాశయానికి మూసిన గేట్లను (6)లో ‘ఎత్తక తప్పదు’.

(1) మాత్రం చివరిదాకా తేలదు. ‘877 అడుగులకు పడిపోయింది’ అన్నా వాక్యం తప్పు కాదు. మూడు రోజులుగా రోజుకు 7 టీఎంసీలు మిగులుతున్నాయని తెలిశాకే మట్టం పైకి వచ్చిందని చెప్పగలం. కుర్రాడు దాన్ని మొదటిసారే ‘పెరిగింది’ అని సరిగా పెట్టాడు. ఎందుకు పెట్టావంటే, ‘వరద కదా సార్’ అన్నాడు.