పోస్టుమాస్టరు గారికి ఒక వీడ్కోలు ఉత్తరం

ప్రభుత్వ ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లు ఒకే ఆఫీసులో పనిచేయడం అరుదు. మూడేళ్లకో ఐదేళ్లకో బదిలీ తప్పదు. అందుకే చాలా వీడ్కోలు సభల్లో చదివే సన్మాన పత్రం ఆ మనిషి తిరిగిన ఊళ్ల జాబితాలాగే ఉంటుంది. పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసు సంగతి వేరు. అక్కడ చేరిన గ్రామీణ డాక్ సేవక్ మామూలుగా ఆ ఊళ్లోనే ఉండి, 65 ఏళ్లకు అక్కడే దిగిపోతాడు. 1995లో చేరి ఇప్పుడు వెళ్తున్న పోస్టుమాస్టరుకు తోటి ఉద్యోగి ఒక చిన్న వీడ్కోలు ఉత్తరం రాయాలనుకుంటే ఏం రాయాలి, ఏం రాయకూడదు? అలాంటి ఒక ఊరిని ఊహించుకుని, ఉత్తరం తయారయ్యేదాకా వెళ్దాం.

ఆఫీసులో ఉండేది ఇద్దరే. పోస్టుమాస్టరు ఒకరు, ఉత్తరాలు పంచే కుర్రాడు ఒకడు. ఆ కుర్రాడి హోదా కాగితాల మీద అసిస్టెంట్ బ్రాంచి పోస్టుమాస్టరు, ఊరివాళ్లకు మాత్రం పోస్టుమేనే. రాయాల్సింది అతనే. సభకు పదిరోజులుంది. మొదట అతను రాసుకున్నది ఇది: ‘నిరాడంబరులు, నిగర్వి, నిత్య సేవాతత్పరులు, విధి నిర్వహణలో రాజీపడని మహోన్నత వ్యక్తిత్వం గల శ్రీయుతులు ఇకపై పింఛనుతో విశ్రాంత జీవితాన్ని హాయిగా గడపాలని ఆకాంక్షిస్తున్నాము.’

ఇందులో కుర్రాడి అభిమానానికి వంక పెట్టలేం. కానీ ఈ వాక్యాన్ని ఏ తహసీల్దారుకైనా, ఏ హెడ్మాస్టరుకైనా చదవొచ్చు. పైగా ఇందులో ఒక పెద్ద తప్పుంది. డాక్ సేవకులకు తపాలా శాఖ రెగ్యులర్ ఉద్యోగుల్లా నెలనెలా పింఛను లేదు. గ్రాట్యుటీ కింద, సర్వీసు ముగింపు పథకం కింద వచ్చే మొత్తాలు తప్ప మరుసటి నెల నుంచి జీతం చోటును పూరించేది ఏమీ ఉండదు. ఆ సంగతి ముందు వరుసలో కూర్చున్న పోస్టుమాస్టరు ఇల్లాలికి బాగా తెలుసు. ‘పింఛనుతో హాయిగా’ అన్న మాట ఆమె చెవిన పడితే గుచ్చుకుంటుంది. కాబట్టి వీడ్కోలు రాసేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఆ మనిషి ఏ షరతుల మీద వెళ్తున్నాడన్నది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో కూడా ఇప్పుడు అందరికీ ఒకే లెక్క లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62 ఏళ్లు, తెలంగాణలో 2021 నుంచి 61. వేరే సభలో విన్న మాటలు తెచ్చి అతికిస్తే వయసు దగ్గరే దొరికిపోతాం.

రెండో పని, వివరాలు పోగుచేయడం. దీనికి పోస్టుమాస్టరును అడక్కూడదు. అడిగితే ‘ఏముందిలే నాయనా’ అంటారు. ఆఫీసుకొచ్చేవాళ్లను అడగాలి. అడగాల్సినవి రెండే ప్రశ్నలు. ఆయన చేసిన ఏ పని రూల్సులో లేదు? ఆయన వెళ్లాక ఏ పని మన నెత్తిన పడుతుంది? మంచితనం గురించి అడిగితే అందరూ ఒకే జవాబు చెప్తారు. పని గురించి అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో సంగతి చెప్తారు.

ఈ ఊళ్లో ఏం దొరికిందో చూడండి. ఆర్డీ ఖాతాలో ఒక నెల కిస్తీ తప్పితే నూటికి రూపాయి చొప్పున అపరాధ రుసుము పడుతుంది, అలా నాలుగు కిస్తీలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. కూలికి వెళ్లే ఆడవాళ్లు తేదీలు మరచిపోతారు. పోస్టుమాస్టరు నెల చివరి వారంలో సాయంత్రం నడకకు బయల్దేరి, కిస్తీ కట్టని ఇళ్ల ముందు ఆగి, ‘అమ్మాయ్, ఈ నెల మరిచావు’ అని ఒక్క మాట చెప్పి ముందుకు సాగేవారట. నాలుగిళ్ల వాళ్లు ఇదే చెప్పారు. ఆయన వెళ్లాక కుర్రాడి మీద పడే పని కూడా ఇదే. రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు వచ్చిందంటే ఉత్తరానికి నడుము దొరికినట్టే.

మరో సంగతి కుర్రాడికే గుర్తొచ్చింది. ఊళ్లో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు. కొత్తలో అతను ఉత్తరాలు తారుమారు చేస్తుంటే పోస్టుమాస్టరు ఒక కాగితం మీద వీధులు గీసి, ఎవరి గుమ్మం ఎటువైపో గుర్తులు పెట్టి ఇచ్చారు. ఆ కాగితం ఇంకా అతని సంచీలోనే ఉంది. ఇలాంటిది తోటి ఉద్యోగికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ ఒక్క కారణంతోనే దానికి ఉత్తరంలో చోటివ్వాలి.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. ఊరివాళ్లు ప్రేమకొద్దీ చెప్పే కొన్ని సంగతులు రాయడానికి పనికిరావు. ‘మా పాసుబుక్కులన్నీ ఆయన దగ్గరే ఉండేవి, అంత నమ్మకం’ అంటారొకరు. ‘మా ఆయన ఊళ్లో లేకపోతే డబ్బు నా చేతికే ఇచ్చేవారు’ అంటుంది ఇంకొకామె. ఖాతాదారు పాసుబుక్కు పోస్టాఫీసులో అట్టేపెట్టుకోవడం శాఖ దృష్టిలో తీవ్రమైన తప్పు. మోసాలు బయటపడినప్పుడు మొదట వెతికేది దాన్నే. అలాగే డబ్బు ఒకరి పేరున వస్తే ఇంకొకరికి ఇవ్వకూడదు. సభలో సబ్ డివిజన్ ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉండగా ఇలాంటివి మెచ్చుకోలుగా చదివితే, ఇంకా గ్రాట్యుటీ కాగితాలు కదలని మనిషి మీద మనమే ఫిర్యాదు రాసిచ్చినట్టవుతుంది. రూల్సులో లేని మంచిపని వేరు, రూల్సు కాదన్న పని వేరు. గుర్తుచేయడం మొదటిది. పాసుబుక్కులు దాచడం రెండోది. ఈ తేడా తెలియకపోతే ఆ విషయం తెలిసిన పాత ఉద్యోగికి చిత్తుప్రతి చూపించాలి.

అతిశయోక్తి కూడా అంతే. ‘ముప్ఫై ఏళ్లలో ఒక్క ఖాతా ఆగలేదు’ అని రాయాలనిపిస్తుంది. ఆగిన ఖాతా తాలూకు ఆసామి ఆ సభలోనే ఉంటాడు. లెక్క చూసి నిర్ధారించుకోలేని మాట రాయకపోవడమే ఆ మనిషికి గౌరవం.

ఇక ఇల్లాలి సంగతి. బ్రాంచి పోస్టాఫీసుకు చాలా ఊళ్లలో ప్రత్యేకంగా భవనం ఉండదు. ఆఫీసు నడపడానికి చోటు చూపించాల్సిన బాధ్యత పోస్టుమాస్టరుదే. చాలామంది తమ ఇంటి ముందుగదినో వసారానో ఇచ్చేస్తారు. అంటే ముప్ఫై ఏళ్లు ఆ ఇంటి గుమ్మం ఊరందరిదీ. ఆ ఇంట్లో పెళ్లి జరిగినా పురుడు జరిగినా ముందుగదిలో కౌంటరు నడిచింది. ఉద్యోగం ఆయనది, ఇబ్బంది ఇంటిల్లిపాదిదీ. వీడ్కోలు ఉత్తరంలో ఆమెకు ఒక వాక్యం రాయకపోతే ఆ ఉత్తరం సగమే. ‘ప్రతి మగవాడి విజయం వెనుక’ అనే అరిగిపోయిన మాట వద్దు. ఆమె చేసిన పని ఏమిటో అది రాస్తే చాలు.

ముప్ఫై ఏళ్లలో వచ్చిన మార్పుల్లో ఎన్ని చెప్పాలి? ఒకటి చాలు. 1995లో ఆయన చేరినప్పుడు హోదా పేరు ఈడీ, అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్. 2001లో అది గ్రామీణ డాక్ సేవక్ అయింది. మధ్యలో ఉపాధి హామీ కూలీ డబ్బులు పోస్టాఫీసు ఖాతాల్లో పడ్డాయి, 2013లో టెలిగ్రాం పోయింది, చేతిలో పట్టుకునే మిషన్ వచ్చింది, 2018లో పోస్టల్ పేమెంట్స్ బ్యాంకు వచ్చింది. ఇవన్నీ పేర్చితే అది తపాలా శాఖ చరిత్ర అవుతుంది, ఆయనకు ఉత్తరం కాదు. వినేవాళ్లలో పెద్దవాళ్లంతా ఇప్పటికీ ‘ఈడీ’ అనే అంటారు కాబట్టి ఆ ఒక్క మాట వాడితే 1995 దానంతట అదే కళ్లముందుకొస్తుంది.

ఇవన్నీ చూసుకున్నాక కుర్రాడు తిరిగి రాసింది ఇది:

‘పోస్టుమాస్టరు గారికి నమస్కారం. మీరు 1995లో ఈడీగా చేరారు. ఆనాటి నుంచి మీ ఇంటి ముందుగదే మన ఊరి పోస్టాఫీసు. నేను కొత్తగా వచ్చి ఉత్తరాలు ఒకరివి ఒకరికి ఇస్తుంటే, మీరు కసరకుండా వీధులన్నీ కాగితం మీద గీసి ఎవరి గుమ్మం ఎటో చూపించారు. ఆ కాగితం నా సంచీలో ఉంది. నెలాఖరు సాయంత్రాలు ఆర్డీ కట్టనివాళ్ల ఇళ్ల ముందు ఆగి గుర్తుచేసేవారు. ఇకనుంచి ఆ నడక నేను నడుస్తాను. అమ్మగారూ, ఎండన పడి వచ్చినవాళ్లకి మీరు మంచినీళ్లిచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు, అది మీ ఉద్యోగం కాకపోయినా. సోమవారం నుంచి ఆఫీసు పంచాయతీ గదికి మారుతోంది. మీరు వస్తుండండి మేష్టారూ. మీకు తెలిసి నాకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి.’

పైకి చదివితే ఒక్క నిమిషం కూడా పట్టదు. ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. ‘విశ్రాంతి తీసుకోండి’ అనలేదు. ఆ ఇంటికి అది సాధ్యమో కాదో రాసేవాడికి తెలియదు. ‘వస్తుండండి’ అన్నాడు, దానికి కారణం కూడా చెప్పాడు. ‘ఆ నడక నేను నడుస్తాను’ అన్న వాక్యం మాత్రం జాగ్రత్తగా రాయాలి. అది సభలో ఊరందరి ముందు ఇచ్చిన మాట. నిలబెట్టుకోలేనివాళ్లు దాన్ని కొట్టేసి ‘ఆ నడకను ఊరు మరిచిపోదు’ అని రాసుకోవడం మంచిది.

ఇక దాన్ని ఫ్రేము కట్టించాలా అని అడుగుతారు. సభ తరఫున అచ్చువేసిన సన్మాన పత్రం ఎలాగూ ఉంటుంది, అది గోడకు వెళ్తుంది. ఈ ఉత్తరం చేత్తో రాసి, చదివాక మడిచి ఆయన చేతికివ్వాలి. ఇంటికి వెళ్లాక ఆయన కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదువుకునేది దీన్నే. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయండి, జెల్ పెన్ను వద్దు, చెమట చేతికి అలుక్కుపోతుంది.

రాయడం చివరి రోజుకు వాయిదా వేయొద్దు. ఆ రోజు చార్జి అప్పగించాలి. నగదు, స్టాంపులు, తేదీ ముద్ర, తూనిక, మిషన్, రిజిస్టర్లు ఒక్కొక్కటీ లెక్కచూసి సంతకాలు పెట్టేసరికి మధ్యాహ్నం దాటుతుంది. నగదులో పది రూపాయల తేడా వచ్చినా అందరి మనసూ అక్కడే ఉంటుంది. మీ ఆఫీసులో త్వరలో ఎవరైనా దిగిపోతున్నట్టయితే, ఆ రెండు ప్రశ్నలూ పట్టుకుని ఈ వారమే నలుగురిని అడగండి.