రెండు వందల అక్షరాల్లో ఉద్యోగం మాట

హైదరాబాద్‌లో మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. పేమెంట్స్ కంపెనీలో టెస్టర్ ఉద్యోగం ఉందని లింక్డ్‌ఇన్‌లో చూసి అప్లై చేసింది. ఆ పోస్టు పెట్టింది హెచ్ఆర్ వాళ్లు కాదు, ఆ టీమ్ మేనేజరే. ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలన్న విషయంలో ఆయన మాటకు బరువుంటుంది. ఆయనకి కనెక్షన్ రిక్వెస్ట్‌తో పాటు చిన్న నోటు పంపాలి.

ఉచిత ఖాతా ఉన్నవాళ్లకి ఆ నోటు 200 అక్షరాలకు మించకూడదు, అదీ నెలకు కొద్దిమందికే. డబ్బు కట్టే ప్రీమియం వాళ్లకైతే 300. ఖాళీలు, కామాలు, చుక్కలు కూడా లెక్కలోకే వస్తాయి.

ఆమె మొదటిసారి రాసిన నోటు మనందరం రాసేలాంటిదే. ‘డియర్ సర్, ఐ హోప్ దిస్ మెసేజ్ ఫైండ్స్ యూ వెల్’ అని మొదలెట్టింది. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క వాక్యానికే 45 అక్షరాలు అయిపోయాయి. తర్వాత పేరు, ఇప్పటి హోదా, ‘అవకాశం ఉంటే చెప్పండి’. ఇంతలో చోటు అయిపోయింది, అసలు సంగతి రానే లేదు.

నిజానికి పేరూ హోదా రాయనక్కర్లేదు. రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఆమె ఫొటో, పేరు, పేరు కింది హెడ్‌లైన్ ఆయనకి ఎలాగూ కనిపిస్తాయి. కాబట్టి ముందు హెడ్‌లైన్‌ని సరిచేసుకుని, అందులో ఉన్నది నోటులోంచి తీసేయాలి. రెజ్యూమె లింకు కూడా వద్దు. అది చోటు తినేస్తుంది, పైగా ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపిన లింకు ఎవరు నొక్కుతారు?

రెండోసారి ఆమె రాసింది ఇంగ్లిష్‌లోనే. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘నమస్తే సర్. టెస్టర్ కావాలన్న మీ పోస్టు చూసి నిన్న అప్లై చేశాను. మూడేళ్లుగా యూపీఐ రిఫండ్లు టెస్ట్ చేస్తున్నాను. మీతో కనెక్ట్ అవ్వాలనుకుంటున్నాను.’

ఇందులో పనిచేసేది ‘యూపీఐ రిఫండ్లు’ అన్న మాట. డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే ఆ సొమ్ము వెనక్కి రావడం ఎంత తలనొప్పో పేమెంట్స్ మేనేజరుకు తెలుసు. ‘కష్టపడి పనిచేస్తాను’ అన్న మాట ఎవరైనా రాయగలరు, ఇది రాయలేరు. రిఫరల్ ఇవ్వమనీ అడగలేదు, అదీ మంచిదే. పరిచయమే లేనిచోట ఆ మాట ఇబ్బంది పెడుతుంది.

ఫోన్ యాప్‌లో ఒక చిక్కుంది. కనెక్ట్ బటన్ నొక్కితే నోటు అడగకుండానే రిక్వెస్ట్ వెళ్లిపోవచ్చు. అందుకే ముందు ఆయన ప్రొఫైల్‌లో మూడు చుక్కల మెనూ తెరిచి, నోటు రాసే ఆప్షన్ కోసం చూడాలి. పొరపాటున ఖాళీగా వెళ్లిందని వెనక్కి తీసుకుంటే, అదే మనిషికి మళ్లీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాల్సి రావచ్చు. అప్పటికి ఆ ఉద్యోగం ఎవరికో వెళ్లిపోయినా వెళ్లిపోతుంది.

ఆయన ఒప్పుకున్నాక మామూలు మెసేజ్ పంపొచ్చు, అక్కడ ఇంత ఇరుకు ఉండదు. జాబ్ ఐడీ, రెజ్యూమె, రిఫండ్ల పనిలో తాను పట్టిన ఒక పెద్ద తప్పు గురించి నాలుగు వాక్యాలు అప్పుడు రాస్తే సరిపోతుంది.