100 గ్రాములు 111 అయ్యే లెక్క

శుద్ధమైన పిండిపదార్థం 100 గ్రాములు తీసుకుని, ఒక్క అతుకూ మిగలకుండా గ్లూకోజ్‌గా విడగొడితే వచ్చేది 100 గ్రాములు కాదు, సుమారు 111 గ్రాములు. తూకం తప్పలేదు. ఆ పైన వచ్చిన 11 గ్రాములూ నీళ్లు.

నీటి అణువు భారం 18. అందులో ఆక్సిజన్‌ది 16, రెండు హైడ్రోజన్లవి 2. గ్లూకోజ్ అణువు భారం 180. రెండు గ్లూకోజులు కలిస్తే 360 రావాలి కదా, కానీ అలా పుట్టే మాల్టోజ్ బరువు 342. అతుకు పడే చోట ఒక నీటి అణువు బయటికి పోయింది. పొడవాటి గొలుసులో ఒక్కో గ్లూకోజూ ఇలా 18 వదులుకుని 162గా మిగులుతుంది. గొలుసు తెగేటప్పుడు ఆ నీరు తిరిగి లోపలికి వస్తుంది. బ్రిటన్ ఆహార పట్టికలు పిండిపదార్థాన్ని గ్లూకోజ్ లెక్కలోకి మార్చి చూపిస్తాయి కాబట్టి, 100 గ్రాముల స్టార్చ్ అక్కడ గుండ్రంగా 110గా కనిపిస్తుంది.

మరి అన్నం అంతసేపు నీళ్లలోనే ఉడుకుతుందే, అప్పుడే గ్లూకోజ్‌గా మారిపోదా? మారదు. వేడికి స్టార్చ్ రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, కానీ అతుకులు దాదాపు అలాగే ఉంటాయి. చల్లారిన గంజిలో ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేస్తే ముదురు నీలం వస్తుంది. గొలుసులు ఇంకా పొడవుగానే ఉన్నాయనడానికి అదే గుర్తు. వేడి గంజిలో మాత్రం ఆ రంగు నిలవదు. అతుకు తెగాలంటే ఆమ్లమో, ఎంజైమో కావాలి. ఉత్త అన్నం ముద్దను కాసేపు నమిలితే తీపి తెలుస్తుంది. లాలాజలంలోని అమైలేజ్ నీటి అణువులను ఒక్కొక్కటిగా అతుకుల్లోకి చొప్పించడం మొదలుపెట్టిందన్నమాట. కాగితంలోని సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ గొలుసే, అక్కడా లెక్క 162. అతుకు తిరిగిన దిక్కు ఒక్కటే వేరు. దాన్ని తెంచే ఎంజైమ్ మన శరీరం తయారుచేసుకోదు.

పప్పులోని మాంసకృత్తులకూ, నేతిలోని కొవ్వుకూ అతుకు ఖరీదు అదే 18. కణంలో ఈ అతుకు నేరుగా పడదు. శక్తి ఖర్చవుతూ, దశలవారీగా జరుగుతుంది. చివరికి తేలే లెక్క మాత్రం మారదు. మూడు కుటుంబాలకూ తేడా ఎక్కడంటే, ఒక్కో చిన్న అణువుకు పట్టుకోవడానికి ఎన్ని చేతులున్నాయన్న దగ్గర. రసాయనశాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

గ్లూకోజ్‌కు చేతులు చాలానే ఉన్నాయి, అందుకే స్టార్చ్ గొలుసు కొమ్మలు కూడా వేస్తుంది. అమైనో ఆమ్లానికి ముఖ్యమైనవి రెండు, అవి ఒకదానిలా ఒకటి ఉండవు: ఒకటి అమైన్, ఒకటి ఆమ్లం. ఒకరి ఆమ్లం ఇంకొకరి అమైన్‌ను పట్టుకుంటుంది, అందువల్ల గొలుసుకు మొదలూ చివరా ఏర్పడతాయి. మాంసకృత్తులను కూర్చే అమైనో ఆమ్లాలు ముఖ్యంగా 20 రకాలు. గ్లైసీన్ 75, అలనిన్ 89, కలిస్తే 164 నుంచి 18 పోగా 146. అయితే గ్లైసీన్ ముందుంటే ఒక పదార్థం, అలనిన్ ముందుంటే మరొకటి. మూడింటి వరుసకే 20×20×20, అంటే 8,000 అవకాశాలున్నాయి. ఇన్సులిన్‌లో అమైనో ఆమ్లాలు 51, గొలుసులు రెండు, 30 ఒకటి, 21 ఒకటి. అతుకులు 29, 20 కలిపి 49. అంటే 49 నీటి అణువులు పోయాయి. దానిలోని మూడు గంధకపు బంధాలు వేరే తరహావి. అక్కడ పోయేది హైడ్రోజన్ మాత్రమే, నీరు కాదు.

కొవ్వు ఆమ్లానికి ఉన్నది ఒకే చెయ్యి. గ్లిజరాల్‌కు మూడు. ఒక గ్లిజరాల్ మూడు కొవ్వు ఆమ్లాలను పట్టుకుందంటే ఇక ఖాళీ చెయ్యి ఎవరికీ మిగలదు, పని అక్కడితో ఆగిపోతుంది. అందుకే కొవ్వు ఎప్పటికీ పొడవాటి గొలుసు కాలేదు. గ్లిజరాల్ 92, మూడు స్టియరిక్ ఆమ్లాలు 852, మొత్తం 944. మూడు నీళ్లు, అంటే 54 తీసేస్తే 890.

నేతి గిన్నెలో తడి చెంచా పెట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్లు అనేది ఈ అతుకుల గురించే. వెన్న కాచేటప్పుడు చిటపటలు ఆగేదాకా చూస్తాం, నీరంతా పోయిందనడానికి అది గుర్తు. మళ్లీ తడి చేరితే సూక్ష్మజీవులు పెరిగి, వాటి లైపేజ్ ఎంజైమ్ ఆ నీటితోనే అతుకులు విప్పుతుంది. పాలకొవ్వులో బ్యూటిరిక్ ఆమ్లం ఉంటుంది. అది భారం 88 ఉన్న చిన్న అణువు, విడిపడగానే గాలిలోకి లేచి ఘాటుగా వాసన కొడుతుంది. అతుకు దగ్గర 18కి 88 చొప్పున, ఒక్క గ్రాము నీరు గరిష్ఠంగా దాదాపు 5 గ్రాముల బ్యూటిరిక్ ఆమ్లాన్ని విడదీయగలదు. అయితే పొడి చెంచా ఈ ఒక్క దారినే మూస్తుంది. గాలిలోని ఆక్సిజన్ కొవ్వును ఇంకో రకంగా పాడుచేస్తుంది, దానికి నీటితో పని లేదు. అందుకని మూత కూడా బిగించి పెట్టాలి.