దూరానికీ నీటికీ ఒకే లెక్క

చెరువు నుంచి ఊరికి క మీదుగా 4+3, గ మీదుగా 2+6 కిలోమీటర్లు. క నుంచి గకు 1. ప్రతి రోడ్డుకూ ఒక x రాసుకుందాం. చెరువు దగ్గర ఒకటి బయల్దేరాలి, ఊరికి ఒకటి చేరాలి, మధ్యలో వచ్చినంతా పోవాలి. x సున్నాకు తగ్గకూడదు. దూరాలను xలతో గుణించి, మొత్తాన్ని వీలైనంత తగ్గిస్తే జవాబు 7. సగం ఇటు, సగం అటు పంపితే 7.5; అది నష్టమే. అందుకే పూర్ణాంకాలు కావాలని వేరే షరతు పెట్టనక్కర్లేదు. అయితే చుట్టూ తిరిగొస్తే మొత్తం దూరం రుణాత్మకమయ్యే వలయం ఉంటే లెక్కకు అడుగే దొరకదు.

ఇప్పుడు అవే అంకెలు గొట్టాల సామర్థ్యాలనుకోండి, గంటకు వేల లీటర్లలో. మధ్య నియమం మారదు. ‘ఒకటి’ తీసేసి, ప్రతి xకూ సామర్థ్యమే పైహద్దుగా పెట్టి, చెరువు వదిలే నీటిని పెంచాలి. క నుంచి 3 ఊరికి, 1 గకు. మొత్తం 6 చేరుతుంది. చెరువు గొట్టాలు రెండూ నిండిపోయాయి కాబట్టి గ-ఊరు గొట్టం ఎంత పెద్దది వేసినా చుక్క పెరగదు.