చెయ్యి ఒకటే, పని మూడు చోట్ల

పెళ్లి రిసెప్షన్‌లో అయిదుగురు స్నేహితురాళ్లు దిగిన ఫొటో అది. అందరి ముఖాలూ చక్కగా పడ్డాయి. చివర నిలబడ్డ అమ్మాయి పక్కనే, ఫ్రేమ్ బయట ఎవరో వేదికను ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తారు. ఆ మనిషి కనిపించడు కానీ ముంజేయి మాత్రం ఆమె కుడి భుజానికీ, విరబోసుకున్న జుట్టుకూ అడ్డంగా వచ్చేసింది. అంచు కత్తిరిద్దామంటే ఆమె సగం భుజం కూడా పోతుంది.

ఎడిటింగ్‌కు కూర్చునే ముందు ఆ క్షణంలో తీసిన మిగతా ఫొటోలన్నీ వెతకాలి. గ్రూప్ ఫొటో ఎవరూ ఒక్కటే తీయరు. వాటిలో ఒకదానిలోనైనా ఆ భుజం ఖాళీగా దొరికితే, ఆ ముక్కను తెచ్చి పై లేయర్‌గా పెట్టి, సగం పారదర్శకంగా చేసి, మెడ గీతా చెవీ కలిసేలా జరిపి, అవసరమైనంత మేరకే మాస్క్‌తో చూపించవచ్చు. అది ఊహించి గీసింది కాదు, నిజంగా అక్కడున్నదే. అందుకే అంతకు మించిన దారి లేదు.

అలాంటిది దొరకకపోతే, ఒక్క వేలితో చెరిపే టూల్‌ను ఇక్కడ నమ్మలేం. వెనక ఖాళీ గోడ ఉంటే అది బాగానే పనిచేస్తుంది. ఇక్కడ చెయ్యి కింద కర్టెన్, బట్ట, జుట్టు మూడూ ఉన్నాయి. టూల్ ఆ మూడింటినీ కలిపేసి భుజాన్ని కరిగిన మైనంలా చేస్తుంది. ఫొటోషాప్‌లో హీలింగ్ బ్రష్‌కూ ఇదే ఇబ్బంది. అది చుట్టూ ఉన్న రంగును చూసి కలుపుతుంది కాబట్టి, జుట్టు దగ్గరకు వెళ్లేసరికి ఆ నలుపు బట్టలోకి పాకుతుంది. అంచుల దగ్గర క్లోన్ స్టాంప్ వాడాలి, హీలింగ్‌ను లోపలి భాగానికే ఉంచుకోవాలి.

పని వెనక నుంచి ముందుకు సాగాలి: కర్టెన్, ఆపై భుజం, చివర జుట్టు. ఒక్కోదానికి ఒక్కో ఖాళీ లేయర్ తీసుకుని, క్లోన్ స్టాంప్‌లో `Current & Below` ఎంచుకుంటే అసలు ఫొటో చెక్కుచెదరదు. కర్టెన్‌తో పెద్ద కష్టం లేదు, మడతల గీతలు పై నుంచి కిందికి తెగకుండా కలిస్తే చాలు.

భుజానికి ముందు గీత కావాలి. మెడ దగ్గర కొంచెం, చెయ్యి కింద కొంచెం కనిపిస్తూనే ఉంటుంది. ఆ రెంటినీ పెన్ టూల్‌తో ఒక వంపుగా కలిపి, సెలెక్షన్‌గా మార్చి, దాని లోపలే బట్ట నింపాలి. రెండో భుజాన్ని తిప్పి అతికిద్దామని చాలామందికి తోస్తుంది. కానీ లైటు ఒక పక్క నుంచి పడుతుంటే, తిప్పిన భుజం మీద వెలుగు తప్పు వైపు కనిపిస్తుంది. అదే చేతి జాకెట్టు కింది భాగం నుంచి బట్టను తెచ్చి, వెలుగు సరిచేసుకోవడం మేలు. చెయ్యి అంచు దాకానే చెరిపినా చాలదు. దాని నీడా, గోధుమరంగు చారా బట్ట మీద మిగులుతాయి. అవి ఆగే చోటు దాకా వెళ్లాలి.

అసలు పరీక్ష జుట్టు దగ్గరే. బ్రష్‌తో నల్లగా నింపితే అది విగ్గులా ఉంటుంది. అదే వైపు కిందనున్న ఒక పాయను, కావలసినదానికన్నా కాస్త పెద్దగా, కొత్త లేయర్‌లోకి కాపీ చేసుకోవాలి. కుదురు నుంచి కొసకు వెంట్రుకలు ఎటు వాలుతున్నాయో చూసి, అటే తిప్పి, వార్ప్‌తో వంచి అమర్చాలి. అప్పటికీ అతుకు తెలుస్తుంది. దాన్ని దాచేవి విడి వెంట్రుకలే. ఫొటో నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పు ఉంటే రెండు మూడు పిక్సెళ్ల బ్రష్ సరిపోతుంది. పక్క జుట్టులోంచే ముదురు, మధ్య, మెరుపు రంగులు మూడూ తీసుకుని, అతుకు మీదుగా పొడవుగా గీయాలి. కొన్ని వెంట్రుకలు భుజం మీదికి జారాలి, ఒకటి రెండు కర్టెన్ మీదికీ పోవాలి. జుట్టు అంచు కత్తెరతో కోసినట్టుంటే, మిగతాదంతా కుదిరినా కన్ను అక్కడే ఆగుతుంది.

రిసెప్షన్ హాల్లో వెలుతురు తక్కువ కాబట్టి అసలు ఫొటో నిండా సన్నని రవ్వ ఉంటుంది. మనం గీసిన వెంట్రుకల్లో అది ఉండదు. ఆ లేయర్ మీద కొద్దిగా నాయిస్ కలిపితేనే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తర్వాత ఫొటోను అద్దంలోలా తిప్పి చూడాలి. అలవాటుపడ్డ కంటికి అందని తప్పులు, ఒకే మడత రెండుసార్లు పడటం, భుజం ఎక్కువ వాలిపోవడం లాంటివి, అప్పుడు బయటపడతాయి.

ఆ చెయ్యి చెవిని కూడా కప్పేసి ఉంటే రెండో వైపు జుంకా తెచ్చి పెట్టుకోవచ్చు. చెంప మీదికి వచ్చి ఉంటే మాత్రం నేనైతే ఆపేస్తాను. భుజాన్ని ఊహించి గీసినా అది ఆమె భుజంగానే కనిపిస్తుంది, చెంపను ఊహిస్తే అది ఇంకెవరి ముఖమో అవుతుంది.