తిథి చూశాకే మెసేజ్!

"వదినా, దీపావళి 31నా, ఒకటినా?" 2024లో చాలా ఇళ్లలో వినిపించిన ప్రశ్న ఇది. వాట్సాప్‌లో రెండు తేదీలూ తిరిగాయి మరి!

చిక్కెక్కడ వచ్చిందంటే, ఆ ఏడు అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52కి వచ్చి, నవంబరు 1 సాయంత్రం 6.16 దాకా ఉంది. మామూలుగా సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజు తిథి అంటాం. దీపావళికి మాత్రం పొద్దుగూకాక ఉన్న తిథిని చూస్తారు. 31 రాత్రంతా అమావాస్యే. ఒకటిన దీపాలు పెట్టే వేళకి కాసేపే మిగిలింది. అందుకే మన రాష్ట్రాల్లో ఎక్కువమంది 31నే చేసుకున్నారు.

"ఒకటినే పండుగ" అన్న మెసేజ్‌ని న్యూయార్క్‌లో ఉన్న అమ్మాయికి పంపితే? అక్కడి గడియారం ప్రకారం ఒకటో తారీఖు ఉదయం 8.46కే అమావాస్య వెళ్లిపోయింది. ఆ సాయంత్రం పెట్టినవి పాడ్యమి దీపాలే!

కాబట్టి గ్రూపులో పెట్టేముందు మూడు విషయాలు చూడండి. ఏ సంవత్సరానిది, ఏ ఊరిది, తిథి ఎప్పటినుంచి ఎప్పటిదాకా? ఇవి లేని మెసేజ్‌ని పంచాంగంతో సరిచూశాకే పంపండి. ఈపాటికే తప్పు తేదీ పంపేశారా? అదే గ్రూపులో సరైన తేదీ చెప్పేయండి.