ఫోన్‌లో నిప్పు, సీసా మీద ఇటుక

“అన్నయ్యగారికి నమస్కారం. మీరు పంపిన లేబుళ్ళు నిన్న అందాయి. ఆవకాయ లేబుల్ నా ఫోన్‌లో నిప్పులా మెరుస్తోంది, మీ దగ్గర్నుంచి వచ్చింది ఇటుక రంగులో ఉంది. పైగా ఆవకాయ, గోంగూర, నిమ్మకాయ లేబుళ్ళకి ఒకటే ఎర్ర అంచు ఉండాలి కదా, మూడూ మూడు ఎరుపులు. పక్కపక్కన పెడితే మూడు దుకాణాల సరుకులా ఉన్నాయి. వెనక చిన్నక్షరాలకి నీలం, గులాబి నీడలు వచ్చాయి, వాటిని చదవడమే కష్టంగా ఉంది. ఫైల్ ఏఐతో శుభ్రంగా చేయించే పంపాను. దయచేసి మళ్ళీ వేసివ్వండి.”

గోదావరి జిల్లాలో పచ్చళ్ళ దుకాణం నడుపుకునే ఒకావిడ తన లేబుళ్ళు వేసే ప్రెస్సాయనకు ఇలా రాసిందనుకుందాం. ఏఐతో బొమ్మ చేయించుకుని, వాట్సాప్‌లో ప్రెస్సుకు పంపి, స్టిక్కర్లు చేతికొచ్చాక కంగుతినే చిన్న వ్యాపారులందరి మొర ఇదే. అయితే ఇందులో ఉన్నవి మూడు ఫిర్యాదులు. మూడింటికీ కారణాలు వేరు, సరిచేయాల్సిన మనిషి కూడా ప్రతిసారీ ఒకరే కాదు. వాటిని విడదీయకుండా “రంగు తేడా వచ్చింది, మళ్ళీ వేయండి” అంటే ప్రెస్సాయన అదే ఫైల్‌ను అదే మెషిన్‌లో మళ్ళీ వేస్తాడు. రెండోసారీ ఇటుక రంగే వస్తుంది.

మొదటి ఫిర్యాదు నిప్పు రంగు గురించి. ఫోన్ తెర రంగును వెలుగుతో చేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలను ఎక్కువ తక్కువలుగా వెలిగించి మిగతా రంగులన్నీ పుట్టిస్తుంది. ఆర్‌జీబీ అంటే ఇదే. కాగితానికి సొంత వెలుగు లేదు. దాని మీద పడ్డ వెలుతురులో కొంత భాగాన్ని ఇంకు మింగేస్తే, మిగిలినది మన కంటికి రంగుగా కనిపిస్తుంది. ప్రెస్సులో ఫోర్ కలర్ అనే నాలుగు ఇంకులు సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్. ఎరుపు కావాలంటే మెజెంటా మీద ఎల్లో పడాలి. రెండూ నూటికి నూరు పాళ్ళు వేశాక ఆ ఎరుపును ఇంకా మెరిపించడానికి మెషిన్ దగ్గర ఏమీ మిగలదు. తెర మీది మిరపపండు ఎరుపు, కమలాపండు రంగు, లేత చిలకపచ్చ, మెరిసే నీలం చాలావరకు ఆ నాలుగు ఇంకుల పరిధికి ఆవలే ఉంటాయి.

ఏఐ బొమ్మల్లో ఈ చిక్కు మరీ ఎక్కువగా కనిపిస్తుంది. ఆ పనిముట్లు మామూలుగా ఇచ్చేది ఆర్‌జీబీ బొమ్మే. “నోరూరేలా ఉండాలి” అని అడిగితే సరిగ్గా తెర మీద మాత్రమే సాధ్యమయ్యే రంగులతో నింపి ఇస్తాయి. దానికితోడు చాలా ఫోన్లు కొన్నప్పటి నుంచే రంగులను మరింత ఘాటుగా చూపించే సెట్టింగులో ఉంటాయి. అలాంటి ఫైల్ ప్రెస్సుకు చేరాక, పరిధిలో లేని ప్రతి రంగునూ సాఫ్ట్‌వేర్ పరిధిలోని దగ్గరి రంగుకు దించేస్తుంది. ఆ పని ప్రెస్సాయన కంప్యూటర్ చూసుకున్నా, మెషిన్ తనంతట తాను చేసుకున్నా, నిప్పు ఆరిపోయేది అక్కడే. ఇందులో మెషిన్‌మన్ చేసిన తప్పేమీ లేదు. కాకపోతే ముందే చెప్పాల్సిన బాధ్యత ప్రెస్సుది. ఫోటోషాప్‌లో Shift+Ctrl+Y నొక్కితే ఇంకుకు లొంగని చోట్లన్నీ బూడిదరంగు మచ్చలుగా కనిపిస్తాయి. నిమిషం కూడా పట్టని పని అది. ఆ తెరను ఒక ఫోటో తీసి “అమ్మా, ఈ భాగం ఇంత మెరవదు” అని పంపి ఉంటే సగం గొడవ అప్పుడే తీరిపోయేది.

రెండో ఫిర్యాదు సంగతి వేరు. మూడు లేబుళ్ళ మీద మూడు ఎరుపులు వచ్చాయంటే మెషిన్‌ను అనుమానించడం సహజం. కానీ ఒకే రోజు, ఒకే షీట్ మీద వేసిన మూడు లేబుళ్ళ మధ్య తేడా ఉందంటే ముందు చూడాల్సింది ఫైల్‌ని. ఏ ఫోటో సాఫ్ట్‌వేర్‌లోనైనా రంగును ఏరి చూపే డ్రాపర్ ఉంటుంది. దాన్ని మూడు అంచుల మీదా పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆవకాయ అంచు ఎరుపు 226, ఆకుపచ్చ 32, నీలం 22 అని చూపిందనుకుందాం. గోంగూర అంచు 205, 28, 38 అని, నిమ్మకాయది 232, 54, 20 అని చూపిస్తాయి. గోంగూర అంచు ముదిరి కాస్త కుంకుమ వైపుకు జరిగింది, నిమ్మకాయది కమలా వైపుకు. ఫోన్‌లో ఒకదాని తర్వాత ఒకటి జరుపుతూ చూసేటప్పుడు ఈ తేడా కంటికి ఆనదు. అల్మరాలో సీసాలు వరుసగా నిలబెట్టాక తప్పించుకోలేదు.

ఎందుకిలా జరుగుతుంది? డీటీపీ కుర్రాడు అంచు గీస్తే దానికి ఒక రంగు అంకె ఇస్తాడు. ఆ అంకె మూడు ఫైళ్ళలోనూ ఒకటే. ఏఐ పనిముట్టు అలా గీయదు. ప్రతిసారీ బొమ్మ మొత్తాన్ని కొత్తగా చుక్కచుక్కగా పుట్టిస్తుంది. “అదే ఎరుపు” అని చెప్పినా, రంగు కోడ్ రాసిచ్చినా, దగ్గరి ఎరుపే వస్తుంది గానీ అదే రావాలని లేదు. డ్రాపర్‌ను ఒకే అంచు మీద అటూ ఇటూ జరిపినా అంకెలు మారుతుంటాయి, ఎందుకంటే అక్కడున్నది ఒకే రంగు పూసిన గీత కాదు, అలా కనిపించే వేల చుక్కల గుంపు. కాబట్టి ఈ తేడాకు ప్రెస్సును నిందించడం న్యాయం కాదు.

మూడోది చిన్నక్షరాల సంగతి. కొనేవాళ్ళ దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోపం ఇదే. పచ్చడిలో ఏమేం వేశారో, ఎప్పటిలోగా వాడాలో చదవలేకపోతే ఆ లేబుల్ ఉండీ లేనట్టే. తెర మీద నలుపంటే మూడు దీపాలూ ఆర్పేయడం. ఆ నలుపును నాలుగు ఇంకుల్లోకి మారిస్తే ఒక్క నల్ల ఇంకుగా రాదు. ఫోటోషాప్‌లో ఎంతోకాలంగా డిఫాల్ట్‌గా వస్తున్న అమెరికా సెట్టింగులో అది సయాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 శాతాలుగా మారుతుంది. కలిపితే 300 శాతం ఇంకు. వెంట్రుకంత గీత మీద నాలుగు ఇంకులు ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోవాలి. వాటిలో ఒక్కటి మిల్లీమీటరులో పదోవంతు జరిగినా అక్షరం పక్కన రంగు నీడ తేలుతుంది. తెలుగు లిపిలో తలకట్లు, వట్రుసుడులు, వత్తులు ఉండటంతో ఆ మధ్య ఖాళీలు ముందుగా పూడిపోతాయి. భూతద్దం పెట్టి చూస్తే కారణం తెలిసిపోతుంది. అక్షరం ఒక్క నలుపుతో పడితే అంచు శుభ్రంగా ఉంటుంది, నాలుగింటితో పడితే పక్కన రంగుల చారలు కనిపిస్తాయి.

అక్షరాలు మసకబారడానికి మరో కారణం కొలత. 1024 చుక్కల వెడల్పున్న బొమ్మను, అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చుకు సరిపెడితే దాదాపు 8.7 సెంటీమీటర్లే వస్తుంది. సీసా చుట్టూ తిరిగే 18 సెంటీమీటర్ల లేబుల్‌కు 2,126 చుక్కలు కావాలి. ఉన్నదాన్నే సాగదీస్తే మామిడికాయ బొమ్మ ఎలాగో గట్టెక్కుతుంది గానీ అక్షరాలు అలికినట్టవుతాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఫైల్ ఇంకా కుదించుకుపోతుంది. పంపక తప్పదనుకుంటే డాక్యుమెంటుగా పంపాలి.

మరి ఆ దుకాణం ఆవిడ ఏం చేయాలి? ఏఐ దగ్గర బొమ్మ వరకే తీసుకోవాలి. జాడీ, మామిడి ముక్కలు, వెనక నేపథ్యం చాలు. అంచు, పేరు, బరువు, వివరాలు, బార్‌కోడ్, శాకాహారం గుర్తు అన్నీ కోరల్ డ్రా లాంటి దాంట్లో విడిగా పెట్టించాలి. అప్పుడు చిన్నక్షరాలు, బార్‌కోడ్ ఒక్క నల్ల ఇంకుతో పడతాయి. అంచు ఎరుపుకు ఇంకు శాతాల్లో ఒకే అంకె స్థిరపడి, మూడు లేబుళ్ళకూ అదే వెళ్తుంది.

ఆ అంకెను తెర మీద చూసి ఎంచుకోకూడదు. అసలు లేబుల్ వేసే స్టిక్కర్ కాగితం మీదే, అదే మెషిన్‌లో, మెజెంటా, ఎల్లో, బ్లాక్ పాళ్ళు కొద్దికొద్దిగా మార్చి ఆరేడు ఎర్ర గళ్ళు వేయించాలి. ప్రతి గడి కింద దాని అంకెలు ఉండాలి. లేబుల్‌కు లామినేషన్ ఉంటే ఈ నమూనాకూ చేయించాలి. గ్లాసీ పొర రంగును లోతుగా చూపిస్తుంది, మాట్ పొర కాస్త మసక చేస్తుంది. ఆ షీట్‌ను పసుపు బల్బు కింద చూస్తే ఎరుపులన్నీ బాగున్నట్టే ఉంటాయి. అచ్చు రంగులు చూడటానికి అంతర్జాతీయ ప్రమాణం 5000 కెల్విన్ వెలుతురు. అది లేనిచోట ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, పగటిపూట చూస్తే చాలు. నచ్చిన గడి పక్కన ఇద్దరూ సంతకం పెట్టి, చెరొక కాపీ ఉంచుకోవాలి. దాన్ని ఎండ తగలకుండా కవరులో దాచాలి, వెలుతురుకు ఇంకులు వెలిసిపోతాయి.

ఇవన్నీ తెలిశాక ఉత్తరం కూడా మారుతుంది. “అన్నయ్యగారూ, సంతకం పెట్టుకున్న షీట్ మీద నాలుగో గడి ఎరుపు మనం ఒప్పుకున్నది. నిన్న వచ్చిన లేబుళ్ళలో గోంగూర అంచు దానికన్నా ముదురుగా ఉంది, ఆవకాయది సరిపోయింది. పగలు పదకొండింటికి కిటికీ దగ్గర రెండూ పక్కన పెట్టి చూశాను. ఫైల్‌లో రెండు అంచులకూ ఒకే అంకెలున్నాయి, ఒకసారి మీరూ చూడండి. కట్టలో పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి కవర్లో పంపుతున్నాను.” ఈ ఉత్తరానికి ప్రెస్సాయన జవాబు చెప్పక తప్పదు. ఫైల్ ఒకటే, కాగితం ఒకటే, ఒప్పుకున్న నమూనా కళ్ళెదుటే ఉంది. మిగిలింది మెషిన్. మూడు చోట్ల నుంచి తీసిన లేబుళ్ళు ఒకదానికొకటి తేడాగా ఉంటే అచ్చు నడుస్తుండగానే ఇంకు మారినట్టు. మూడూ ఒకేలా ముదిరి ఉంటే మొదటి నుంచే సెట్టింగు తప్పినట్టు. రెండిట్లో ఏదైనా మళ్ళీ వేసే ఖర్చు ప్రెస్సుదే.

ఇంత చేసినా ఫోన్‌లో చూసిన ఆ నిప్పు రంగు నాలుగు ఇంకులతో రాదు. తప్పనిసరిగా అదే కావాలంటే ఆఫ్‌సెట్‌లో అయిదో ఇంకుగా విడి కమలా రంగు కలిపించుకోవచ్చు. దానికి అదనంగా ఒక ప్లేటు, మెషిన్ కడిగి ఇంకు మార్చే కూలి అవుతాయి. అయిదు వందల లేబుళ్ళకు ఆ ఖర్చు గిట్టదు, యాభై వేలు వేయించేవాళ్ళకు మాత్రం లేబుల్‌కు పైసల్లోకి దిగుతుంది.